రెండు అవధులు ఎందుకు కుదరవు?

1, −1, 1, −1... ఇలా అంతులేకుండా కూడుకుంటూ పోతే ఎంత వస్తుంది? 1703లో ఇటలీ గణితవేత్త గ్విడో గ్రాండి ఈ కూడికను చర్చకు తెచ్చాడు. రెండేసి పదాలను జతచేస్తే 0 వస్తుంది. మొదటి 1ని విడిగా ఉంచి మిగతావాటిని జతచేస్తే 1 వస్తుంది. గ్రాండి మాత్రం 1/2 అన్నాడు. ఈ తగవు తీరాలంటే ముందు ‘అవధి’ అంటే ఏమిటో తేలాలి. 1821లో ఫ్రాన్సులో కోషీ ఆ పని మొదలుపెట్టాడు. తరవాత బెర్లిన్‌లో వయర్‌స్ట్రాస్ దాన్ని నేటి ఎప్సిలాన్ నిర్వచనంగా బిగించాడు.

ఒక అనుక్రమానికి L అవధి కావాలంటే, ఎంత చిన్న ధన సంఖ్య ε ఇచ్చినా, ఏదో ఒక స్థానం N దాటాక వచ్చే ప్రతి పదమూ L నుంచి ε కన్నా తక్కువ దూరంలో ఉండాలి. కొన్ని పదాలు దగ్గరికొస్తే చాలదు. N తరవాత ఒక్కటి కూడా బయట పడకూడదు.

ఇప్పుడు ఒకే అనుక్రమానికి L, M అని రెండు వేర్వేరు అవధులున్నాయనుకుందాం. వాటి మధ్య దూరం d. ε ఎంతైనా కావచ్చు కాబట్టి d/2నే తీసుకుందాం. L కోసం ఒక స్థానం, M కోసం మరో స్థానం దొరుకుతాయి. రెంటిలో పెద్దదాన్ని దాటిన ఏ పదమైనా ఇద్దరికీ d/2 కన్నా దగ్గరగా ఉండాలి. అప్పుడు L నుంచి ఆ పదానికి, అక్కణ్ణించి M కి వెళ్లే దూరం మొత్తం d కన్నా తక్కువవుతుంది. కానీ L నుంచి M కి నేరుగా ఉన్న దూరమే d. మధ్యలో ఒకచోట ఆగి వెళ్లినంత మాత్రాన దూరం తగ్గదు. కాబట్టి అవధి ఒక్కటే.

రెండో సంగతి హద్దు. పదాలు 2 + 100/n అనుకోండి: 102, 52, 35.33... అవధి 2. ε = 1 తీసుకుంటే 101వ పదం నుంచి అన్నీ 3 లోపే. మిగిలినవి మొదటి 100 పదాలు. వాటిలో పెద్దది 102. అంటే ఏ పదమూ 102ను మించదు. ఏ అనుక్రమానికైనా ఇదే దారి: అవధి ఉంటే, N దాటినవన్నీ L−1, L+1 మధ్య ఇరుక్కుంటాయి, N వరకు ఉన్నవి లెక్కకు అందేవే కనుక వాటిలో పెద్దదీ చిన్నదీ ఉంటాయి. అసలు కీలకం ఇదే. లెక్కలేనన్ని పదాల్లో పెద్దది ఉండి తీరాలని లేదు. ఆ చిక్కును N తప్పిస్తుంది.

తిరగేస్తే మాత్రం నిజం కాదు. గ్రాండి కూడికలో పాక్షిక మొత్తాలు 1, 0, 1, 0... అవి 0, 1 లను ఎన్నడూ దాటవు, అయినా వాటికి అవధి లేదు. మరోవైపు 1 + 1/2 + 1/3 + ... చూడండి. మొదటి 2 పదాల మొత్తం 1½. 4 పదాలకు కనీసం 2, 8 పదాలకు కనీసం 2½. పదాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ మొత్తానికి కనీసం అరవంతు చేరుతుంది. ఏ హద్దు పెట్టినా ఎప్పుడో దాటేస్తుంది. హద్దు లేదు గనక, ఒక్కో పదం ఎంత చిన్నదైపోతున్నా, ఈ మొత్తాలకు అవధి ఉండదు.