సలీం లడ్డూల వాక్యం ఎంతవరకు తోడు వస్తుంది?

మా చెల్లెలి కుమార్తె ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరంలో ఉన్నది. అనాటమీ మొదటి ఇంటర్నల్ పరీక్ష జరిగిన సాయంత్రం ఫోను చేసి, "మామూ! మణికట్టులోని ఎనిమిది ఎముకల పేర్లూ ఒక్కటీ తప్పకుండా నాకు వచ్చు. అయినా వైవాలో నోరు పెగల్లేదు" అని కన్నీళ్ళు పెట్టుకున్నది. చదవని పిల్ల కాదు. మరి లోపం ఎక్కడ జరిగింది? ఆ ఆదివారం ఆమె ఇంటికి వచ్చినప్పుడు మేము పక్కన కూర్చుని, జరిగినదంతా మెల్లగా చెప్పించుకున్నాము.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసలుగా ఉంటాయి. ముంజేతి వైపు వరుసలో బొటనవేలి దిక్కు నుండి స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రల్, పిసిఫార్మ్. వేళ్ళ వైపు వరుసలో మళ్ళీ బొటనవేలి దిక్కు నుండే ట్రెపీజియం, ట్రెపిజాయిడ్, క్యాపిటేట్, హేమేట్. వీటిని గుర్తుంచుకోవడానికి హాస్టళ్ళలో ఇంగ్లీషు వాక్యాలు చాలా తిరుగుతుంటాయి. వాటిలో కొన్ని ఇంట్లో పైకి చదవదగినవి కావు. అందుకని ఆమె తానే ఒక వాక్యం కట్టుకున్నది: "సలీం లడ్డూలు ట్రేలో పెట్టి, ట్రంకు ట్రక్కులో కట్టేసి హాజరయ్యాడు." ఒక్కొక్క మాట మొదటి ధ్వని ఒక్కొక్క ఎముకకు గుర్తు.

వాక్యం మంచిదే. మూడు పేర్లు 'ట్ర'తో మొదలవుతున్నాయి గనుక అవి కలగాపులగం అయ్యే ప్రమాదం ఉన్నది. దానికీ ఆమె ఉపాయం పన్నింది. 'ట్రంకు'లో సున్న ఉన్నది, 'ట్రెపీజియం' చివరా సున్న ఉన్నది. కనుక రెండవ వరుసలో మొదటిది, అంటే బొటనవేలి మొదట ఉండేది, ట్రెపీజియం. ఇంతవరకు జ్ఞాపకసూత్రం తన పని తాను చక్కగా చేసింది.

పరీక్షాధికారి ఆమె ముందు తీగతో కూర్చిన చేతి ఎముకలను ఉంచి, వేళ్ళ వైపు వరుసలో ఎడమ చివరి ఎముకను పెన్సిలుతో తాకి పేరు అడిగారు. ఆమె మనసులో సలీంను తలచుకుని, ఎడమ నుండి లెక్కపెట్టి, "ట్రెపీజియం" అన్నది. అది హేమేట్! ఆమె పుస్తకంలో చూసి నేర్చుకున్నది కుడిచేతి బొమ్మ. అరచేయి మన వైపు, వేళ్ళు క్రిందికి ఉన్నప్పుడు కుడిచేతి బొటనవేలు మనకు ఎడమ దిక్కున ఉంటుంది. బల్ల మీద అదే తీరున ఉంచినది ఎడమచేయి. దాని బొటనవేలు కుడి దిక్కున ఉన్నది. వాక్యం వరుసను చెప్పిందే గాని, ఆ వరుస ఏ చివర మొదలవుతుందో చెప్పలేదు. ముందుగా బొటనవేలు ఎటున్నదో చూసుకుని, ఆ తరువాతే సలీంను పిలవాలి.

పరీక్షాధికారి రెండవ ప్రశ్న వేశారు: "స్కాఫాయిడ్ నడిమికి విరిగితే ఒక ముక్క చచ్చుబడవచ్చు. ఏ ముక్క? ఎందుకు?" ఇక్కడ సలీం వద్ద జవాబే లేదు.

ఇటువంటి ప్రశ్నకు వాక్యం చాలదు. క్రమబద్ధంగా గుర్తుతెచ్చుకునే అలవాటు కావాలి. మేము ఆమెతో చేయించినది ఇది. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద ఒక్కొక్క ఎముకకు అవే ఐదు ప్రశ్నలు, అదే వరుసలో: ఎక్కడ ఉన్నది? ఇరుగుపొరుగు ఎవరు? దానికి ఏమి అంటుకుని ఉన్నాయి? రక్తం ఎటు నుండి వస్తుంది? విరిగినా, జరిగినా ఏమవుతుంది? గుర్తున్నంత నల్లసిరాతో వ్రాయాలి. ఆ తరువాతే పుస్తకం తెరిచి, తప్పిపోయినవి ఎర్రసిరాతో పూరించాలి. మరునాడు, మూడవనాడు, వారం తరువాత మళ్ళీ కొత్త కాగితం. పుస్తకాన్ని పదిసార్లు చదివితే అంతా తెలిసినట్లే ఉంటుంది. ఏది తెలియదో చూపించేది ఎర్రసిరాయే.

స్కాఫాయిడ్ కాగితంలో నాలుగవ ప్రశ్న దగ్గర ఎర్రసిరా పడింది. ఆ ఎముకకు రక్తం ప్రధానంగా వేళ్ళ వైపు భాగం నుండి ప్రవేశించి, వెనక్కు ముంజేతి వైపు భాగానికి చేరుతుంది. కనుక నడుము దగ్గర విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది చచ్చుబడవచ్చు. చేయి చాచి నేల మీద పడిన మనిషికి బొటనవేలి మొదట్లో, వెనుక వైపు ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా వైద్యులు కట్టు వేసి పది పద్నాలుగు రోజుల తరువాత మళ్ళీ చూడడానికి కారణం ఇదే. నాలుగవ జవాబు ఐదవ జవాబుకు కారణమని తెలిసిన తరువాత ఆమె దాన్ని మరి మరచిపోలేదు.

అయితే ఈ కాగితానికీ ఒక హద్దు ఉన్నది. అది చదునైనది, చేయి చదునైనది కాదు. కాగితం మీద పిసిఫార్మ్ మొదటి వరుస చివర నిలబడుతుంది. నిజానికది ట్రైక్వెట్రల్‌కు ముందు, అరచేతి వైపు కూర్చుని ఉంటుంది. మీ మణికట్టు మడతలో చిటికెన వేలి వైపు తడిమితే బఠాణీ గింజలా తగిలేది అదే. ఇది చదివి రాదు, తడిమితేనే వస్తుంది.

ఇప్పుడు సలీం వాక్యాన్ని రెండు ముక్కలు చేసి ఒకదాని క్రింద ఒకటి వ్రాయండి. నాలుగు మూలల్లో సలీం, పెట్టి, ట్రంకు, హాజరు నిలుస్తాయి. అంటే స్కాఫాయిడ్, పిసిఫార్మ్, ట్రెపీజియం, హేమేట్. ఈ నాలుగు మూలలకే ఫ్లెక్సర్ రెటినాక్యులమ్ అనే గట్టి పట్టీ అంటుకుని, ఎముకల వంపును ఒక సొరంగంగా మారుస్తుంది. అందులో వేళ్ళను మడిచే తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ నరం సాగుతాయి. సొరంగం ఇరుకైతే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి.

మేము ఆమెను అడిగాము: "ఒక స్త్రీకి ఆ వేళ్ళతోపాటు అరచేతి మధ్య చర్మం కూడా మొద్దుబారింది. లోపం సొరంగంలోనేనా?" ఈ ప్రశ్న ఆమె కాగితంలో లేదు. కొంతసేపు తన మణికట్టునే చూసుకుని, "కాదు మామూ! అరచేతి చర్మానికి వెళ్ళే కొమ్మ సొరంగానికి ముందే విడిపోయి పట్టీకి పైనుండి పోతుంది. సొరంగంలో నొక్కుడైతే అరచేయి బాగానే ఉండాలి. లోపం ఇంకా పైన ఉండాలి" అన్నది. ఈ జవాబు ఏ వాక్యం నుండీ రాలేదు. నరం నడిచే దారిని కళ్ళ ముందు నిలుపుకున్నందువల్ల వచ్చింది.

వైద్యం చదివే బిడ్డలున్న తల్లిదండ్రులు అనాటమీ తెలియకపోయినా ఒక పరీక్ష పెట్టవచ్చు. బిడ్డ వరుసగా అప్పజెప్పిన తరువాత, మీ ఎడమచేయి ముందుకు చాచి, "చిటికెన వేలి వైపు నుండి చెప్పు" అనండి. ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ ఏమున్నది? ఇది దెబ్బతింటే ఏమవుతుంది?" అని అడగండి. మళ్ళీ మొదటి మాట నుండి గొణుక్కుంటే పేర్లు మాత్రమే వచ్చాయన్నమాట. సరాసరి మీ చేతినే పట్టుకుని చూపిస్తే, సలీం పని పూర్తయిందన్నమాట.