ఇంటికి మందులొచ్చాయి, ఒకటి తప్ప

నాన్నగారి చీటీ ఫోటో మందుల షాపుకి పంపాను. పొద్దున పంపితే సాయంత్రానికి సంచీ వచ్చింది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ ఉంది. నిద్రకి రాసిన ఆల్ప్రాజోలం లేదు. షాపతను దాచుకున్నాడేమోనని కాస్త అనుమానపడ్డ మాట నిజం.

తప్పు అతనిది కాదు. కోవిడ్ వేళ, 2020 మార్చిలో, ఇంటికి మందులు పంపడానికి కేంద్రం ఇచ్చిన అనుమతి షెడ్యూల్ హెచ్ మందుల వరకే. హెచ్1, ఎక్స్ మందులనూ, మత్తు మందులనూ అందులోంచి మినహాయించారు. ఆల్ప్రాజోలం హెచ్1లోది. దాన్ని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలిచ్చారో విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. అలవాటుపడే ప్రమాదమున్న మందు మరి!

ఆ అనుమతిలోనే చీటీకి గడువూ పెట్టారు. బీపీ, షుగరు లాంటి దీర్ఘకాలిక జబ్బులకి రాసినది 30 రోజుల్లోపు పంపాలి. జ్వరం లాంటి వాటికి ఏడు రోజులే. ఫోటోలో తేదీ తెగిపోతే షాపువాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు, సగం ఆలస్యం అక్కడే. డాక్టరు సంతకం, తేదీ, మోతాదు, ఎన్ని రోజులకో అన్నీ కనబడేలా చీటీని బల్లమీద పరచి ఫోటో తీయండి. సంచీ రాగానే స్ట్రిప్పు మీది పేరు, గడువు తేదీ చీటీతో సరిచూసుకోండి. మిగిలిన ఆ ఒక్క మందుకి అసలు చీటీ పట్టుకుని షాపుకే వెళ్లండి.