మీ వీడియో హాఫ్ లైఫ్ ఎంత? లాంచ్ వీడియోకీ, "ఎలా చేయాలి" వీడియోకీ అసలు తేడా ఇదే

పోయిన ఏడాది వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. 24 రోజులు కెమెరా ముట్టుకోలేదు. సరిగ్గా అప్పుడే మూడు పెద్ద ఫోన్లు లాంచ్ అయ్యాయి, మూడూ మిస్. కోలుకున్నాక యూట్యూబ్ స్టూడియో ఓపెన్ చేస్తే, రోజుకి సగటున 5 వేలు ఉండే వ్యూస్ 800కి పడిపోయాయి. కెమెరా ఈఎంఐ మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

ఆ 800 ఎక్కడి నుంచి వస్తున్నాయా అని చూశాను. దాదాపు 700 వ్యూస్ 11 పాత వీడియోల నుంచే. అందులో ఒక్కటి కూడా అన్‌బాక్సింగ్ కాదు. అన్నీ చాట్‌లు కొత్త ఫోన్‌కి మార్చడం, స్టోరేజ్ ఖాళీ చేయడం లాంటి చిన్న పనుల వీడియోలు. "ఇవి ఆడట్లేదు" అని నేనే వాటిని చేయడం మానేశాను. ఎక్కడ పొరపాటు పడ్డానో హాఫ్ లైఫ్ లెక్క వేశాకే అర్థమైంది.

హాఫ్ లైఫ్ లెక్క ఎలా వేయాలి?

ఫిజిక్స్ పాఠంలో అర్ధజీవిత కాలం గుర్తుందా? ఇక్కడా అలాంటిదే. ఒక వీడియోకి మొదటి 365 రోజుల్లో వచ్చిన మొత్తం వ్యూస్‌లో సగం ఎన్నో రోజుకి పూర్తయ్యాయో, అదే దాని హాఫ్ లైఫ్. స్టూడియోలో ఆ వీడియో Analytics తెరిచి, Advanced mode లోకి వెళ్లి రోజువారీ వ్యూస్‌ని షీట్‌గా డౌన్‌లోడ్ చేసుకోండి. పై నుంచి కూడుకుంటూ వెళ్లి, మొత్తంలో సగం దాటిన రోజు దగ్గర ఆగండి.

ఒక్క జాగ్రత్త. ఏడాది నిండని వీడియోకి ఈ లెక్క వేయకండి. పది రోజుల వయసున్న ఏ వీడియోకైనా హాఫ్ లైఫ్ పది రోజులు దాటి రాదు. దాని మిగతా జీవితం ఇంకా మొదలే కాలేదు కాబట్టి.

నా రెండు వీడియోల లెక్క

సులువుగా ఉండటానికి అంకెలు కొంచెం గుండ్రం చేశాను.

మొదటిది ఒక మిడ్‌రేంజ్ ఫోన్ లాంచ్ వీడియో. ఏడాదిలో 42,000 వ్యూస్. మొదటి రోజే 14,000, రెండో రోజు 8,000. అంటే రెండు రోజుల్లో 22,000, సగం దాటేసింది. హాఫ్ లైఫ్ 2 రోజులు. నెల తిరిగేసరికి 38,000 అయ్యాయి. మిగతా 11 నెలలూ కలిపి వచ్చింది 4,000, అంటే రోజుకి 12.

రెండోది పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కి వాట్సాప్ చాట్‌లు మార్చడం ఎలా అనే వీడియో. మొదటి వారం మొత్తం 900 వ్యూస్. స్టూడియోలో మీ చివరి పది వీడియోలతో పోల్చి ర్యాంక్ చూపిస్తుంది కదా, అక్కడ ఇది పదికి తొమ్మిదో స్థానం. నేను నీరుగారిపోయింది అక్కడే. కానీ రెండో వారం నుంచి రోజుకి 65 చొప్పున ఆగకుండా వస్తూనే ఉన్నాయి. ఏడాదికి సుమారు 24,000. సగం పూర్తయింది 179వ రోజున.

ఈ 179ని 182 పక్కన పెట్టి చూడండి. రోజూ సమానంగా వ్యూస్ వచ్చే వీడియోకి 365 రోజుల లెక్కలో హాఫ్ లైఫ్ సుమారు 182 రావాలి. అంటే నా వీడియో దాదాపు తగ్గకుండా నడుస్తోంది. 182 కంటే ఎక్కువ వస్తే అది ఇంకా పెరుగుతోందని అర్థం.

మొదటి ఏడాదిలో లాంచ్ వీడియోనే గెలిచింది, కాదనను. కానీ రెండో ఏడాది కూడా ఇదే వేగంతో నడిస్తే వాట్సాప్ వీడియో దాన్ని దాటేస్తుంది.

ఎందుకింత తేడా?

Traffic source చూస్తే తెలిసిపోతుంది. లాంచ్ వీడియోకి ఎక్కువ వ్యూస్ Browse features నుంచి వచ్చాయి. అంటే యూట్యూబ్ హోమ్ పేజీలో చూపించింది, జనం నొక్కారు. అందరి దృష్టీ తర్వాతి ఫోన్ మీదకి వెళ్లగానే చూపించడం తగ్గిపోయింది. వాట్సాప్ వీడియోకి ఎక్కువ భాగం YouTube search నుంచి. ఎవరో ఒకరు ప్రతి రోజూ కొత్త ఫోన్ కొంటూనే ఉంటారు, ప్రతి రోజూ అదే ప్రశ్న వెతుకుతూనే ఉంటారు.

రివ్యూలు, కంపారిజన్‌లు ఈ రెండింటి మధ్యలో ఉంటాయి. వాటి దగ్గర హాఫ్ లైఫ్‌ని గుడ్డిగా నమ్మకండి. దసరా, దీపావళి సేల్స్‌లో ఫోన్ ధర తగ్గితే, పడుకున్న రివ్యూ కూడా మళ్లీ లేస్తుంది. ఇలాంటి వాటికి అంకెతో పాటు గ్రాఫ్ కూడా చూడాలి.

మరి ఏవి ఎన్ని చేయాలి?

నేను పెట్టుకున్న మొదటి రూల్: తయారు చేసే టైమ్ హాఫ్ లైఫ్‌ని మించకూడదు. రెండు రోజుల్లో సగం అయిపోయే వీడియోని మూడు రోజులు ఎడిట్ చేస్తే, అది బయటికి వచ్చేసరికి జనం వెళ్లిపోతారు. అందుకే లాంచ్ వీడియో ఇప్పుడు ఒక్క రోజు పని. మిగిలిన టైమ్ ఎక్కువ కాలం బతికే వాటికి.

రెండోది రోజువారీ కనీసం. నేను మంచాన పడ్డా రోజుకి 2,000 వ్యూస్ రావాలనుకున్నాను. ఒక్కో వీడియో 65 తెస్తే అందుకు 31 వీడియోలు కావాలి. నా దగ్గర ఉన్నవి 11. నెలకి మూడు చేస్తే అందులో రెండు నిలబడతాయి. ఆ లెక్కన ఇంకో 20కి పది నెలలు చాలు అనిపిస్తుంది.

చాలవు. ఎందుకంటే గాడ్జెట్ వీడియోల్లో ఎవర్‌గ్రీన్ అనేవి కూడా ఒక రోజు వాడిపోతాయి. నా మొదటి వాట్సాప్ వీడియోలో గూగుల్ డ్రైవ్ బ్యాకప్ పద్ధతి ఒక్కటే చూపించాను. 2023లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి నేరుగా చాట్‌లు మార్చే పద్ధతి వచ్చింది. సెర్చ్ నుంచి జనం వస్తూనే ఉన్నారు, కానీ అర నిమిషానికే వెళ్లిపోతున్నారు. కింద "అన్నా, నా ఫోన్‌లో వేరేలా వస్తోంది" అనే కామెంట్లు. వాడిపోవడానికి గుర్తులు ఇవే: ముందు చూసే సమయం పడిపోతుంది, వ్యూస్ ఆ తర్వాత పడతాయి.

నా వీడియోలు సుమారు 18 నెలలు నిలబడుతున్నాయి. నెలకి రెండు నిలబడితే, రెండు పద్దెనిమిదులు 36. నేను ఎప్పటికీ అంతకంటే ఎక్కువ బతికున్న వీడియోలు ఉంచుకోలేను. అంటే 31కి చేరాక కూడా నెలకి దాదాపు రెండు కొత్తవి చేస్తేనే అక్కడ నిలబడతాను. చేరిపోయాం కదా అని ఆపేస్తే ట్యాంక్‌లో నీళ్లు దిగిపోతాయి.

యూట్యూబ్‌లో పాత వీడియో ఫైల్‌ని తీసి, అదే లింక్‌లో కొత్తది పెట్టే వీలు లేదు. అందుకే అప్‌డేట్ వీడియో విడిగా చేసి, దాని లింక్‌ని పాత దాని పిన్ కామెంట్‌లో, ఎండ్ స్క్రీన్‌లో పెడుతున్నాను. పాతదాన్ని డిలీట్ చేయను. సెర్చ్‌లో మనిషిని లోపలికి తెచ్చేది ఇంకా అదే.

ప్రస్తుతం నా నెల ఇలా ఉంది: మూడు లాంచ్ వీడియోలు, రెండు రివ్యూలు, మూడు "ఎలా చేయాలి" వీడియోలు. లాంచ్‌లు మానను, కొత్తవాళ్లకి ఛానల్ పరిచయమయ్యేది వాటితోనే. బతికున్న పాత వీడియోల సంఖ్య ఇప్పుడు 19. రోజువారీ కనీసం సుమారు 1,200. ఈఎంఐకి ఇంకా సరిపోదు. కానీ ఈ వానాకాలం జ్వరం వస్తే, ఛానల్ పూర్తిగా నాతో పాటు పడుకోదు.