మలుపు తిరిగాక రేవు ఎటు?

విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి తెల్లవారక ముందే ఒక మరబోటు బయలుదేరిందనుకుందాం. సరంగు దిక్సూచి చూసుకుంటూ 120 డిగ్రీల మీద, అంటే ఆగ్నేయానికి కాస్త తూర్పుగా, 20 మైళ్లు వెళ్లాడు. చేపల జాడ లేదు. ఎడమకు తిప్పి 60 డిగ్రీల మీద ఇంకో 15 మైళ్లు వెళ్లాడు. ఈలోగా మసక కమ్మింది. గుర్తుపట్టడానికి డాల్ఫిన్ నోస్ కొండ లేదు, జీపీఎస్ పెట్టె మొరాయించింది. ఇక్కడి నుంచి హార్బరు ఎంత దూరం, ఎటువైపు?

సముద్రం మీద మైలంటే నాటికల్ మైలు, 1,852 మీటర్లు. గంటకు అలాంటి మైలు ఒకటి నడిస్తే ఆ వేగం ఒక నాట్. దిక్కును ఉత్తరం నుంచి గడియారపు ముల్లు తిరిగే వైపు డిగ్రీల్లో కొలుస్తారు. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. దీన్నే బేరింగ్ అంటారు. మన సరంగు చేతిలో ఉన్నవి రెండు దూరాలు, రెండు బేరింగులు. అవి చాలు.

కాగితం మీద గీస్తే హార్బరు, మలుపు తిరిగిన చోటు, బోటు ఇప్పుడున్న చోటు కలిసి ఒక త్రిభుజం అవుతాయి. రెండు భుజాలు తెలుసు, 20, 15. మూడోదే మనకు కావాలి. అదెంత ఉండొచ్చో లెక్క మొదలుపెట్టక ముందే ఊహించవచ్చు. బోటు అసలు తిరగకుండా నేరుగా పోయి ఉంటే 35 మైళ్లు. పూర్తిగా వెనక్కి తిరిగి వచ్చి ఉంటే 5 మైళ్లు. సరిగ్గా లంబంగా తిరిగి ఉంటే, బడిలో చదివిన పైథాగరస్ ప్రకారం 400, 225 కలిపి 625, దాని వర్గమూలం 25 మైళ్లు. మిగతా మలుపులన్నిటికీ జవాబు 5కూ 35కూ మధ్య ఎక్కడో పడాలి. ఎక్కడన్నది చెప్పేదే కొసైన్ సూత్రం. పైథాగరస్ లెక్కకు మలుపును బట్టి చేసే సవరింపు తప్ప అందులో ఇంకేమీ లేదు. కొసైన్ అనే మాట పుట్టకముందే, సుమారు 2,300 ఏళ్ల కిందట, యూక్లిడ్ తన రెండో గ్రంథంలో ఈ సవరింపును వైశాల్యాల రూపంలో చెప్పాడు.

d² = a² + b² − 2ab cos C

ఇందులో a, b మనకు తెలిసిన రెండు భుజాలు, d కావలసిన దూరం, C ఆ రెండు భుజాల మధ్య కోణం. విద్యార్థులు ఎక్కువగా జారిపడేది ఈ C దగ్గరే. బేరింగు 120 నుంచి 60కి మారింది కాబట్టి కోణం 60 అని వేసేస్తారు. 60 డిగ్రీలు బోటు తిరిగిన మలుపు, త్రిభుజం లోపలి కోణం కాదు. లోపలి కోణం కావాలంటే మలుపు దగ్గర నిలబడి ముందు వచ్చిన దారి వైపు వెనక్కి చూడాలి. 120 మీద వచ్చాం కాబట్టి హార్బరు 120కి 180 కలిపితే వచ్చే 300 డిగ్రీల మీద ఉంటుంది. తర్వాత వెళ్లబోయే వైపు చూడాలి, అది 60. రెంటి మధ్య తేడా 240. అది 180 దాటింది కాబట్టి 360లోంచి తీసేయాలి. 120 డిగ్రీలు మిగులుతుంది. అదే C. క్లుప్తంగా, 180లోంచి మలుపును తీసేస్తే లోపలి కోణం.

120 డిగ్రీల కొసైన్ విలువ −0.5. ఋణం ముందు ఋణం కలిసి సవరింపు కూడికవుతుంది.

d² = 400 + 225 + 300 = 925

వర్గమూలం సుమారు 30.4 మైళ్లు. ఇది సరైనదేనా? మలుపు లంబం కన్నా తక్కువ కాబట్టి బోటు 25 మైళ్ల కన్నా దూరం పోయి ఉండాలి, పోయింది. C స్థానంలో 60 వేసి ఉంటే జవాబు 18 మైళ్లు వచ్చేది. ఇరవై మైళ్లు సముద్రంలోకి పోయి, ఆపైన పెద్దగా దారి మళ్లకుండా ఇంకో పదిహేను మైళ్లు పోయినవాడు రేవుకు దగ్గరైపోయాడంటే నమ్మలేం. పొరపాటు అక్కడే బయటపడుతుంది.

దూరం తేలింది, ఇక దిక్కు. హార్బరు దగ్గర, మొదటి దారికీ ఇప్పటి బోటు స్థానానికీ మధ్య కోణం కావాలి. చాలామంది దీనికి సైన్ సూత్రం వాడతారు. ఇక్కడ అదీ పనిచేస్తుంది కానీ, అందులో ఒక మోసం ఉంది. 25 డిగ్రీలకూ 155 డిగ్రీలకూ సైన్ ఒకటే, కాలిక్యులేటరు ఎప్పుడూ చిన్నదే చూపిస్తుంది. బోటు బాగా వెనక్కి మళ్లి, రెండో దారి మొదటిదానికన్నా పొడవైతే అసలు కోణం 90 దాటవచ్చు, అప్పుడు దిక్కు పూర్తిగా తప్పుతుంది. కొసైన్‌కు ఆ సందిగ్ధం లేదు. 90 దాటిన కోణానికి విలువ ఋణంగా వచ్చి తానే చెప్పేస్తుంది. అందుకే నేను రెండోసారీ కొసైన్ సూత్రాన్నే ఎంచుకుంటాను. కోణాన్ని A అందాం.

cos A = (400 + 925 − 225) / (2 × 20 × 30.4) = 0.904

కోణం సుమారు 25.3 డిగ్రీలు. బోటు ఎడమకు తిరిగింది కాబట్టి దాన్ని 120లోంచి తీసేయాలి, కుడికి తిరిగి ఉంటే కలపాలి. 94.7 వచ్చింది. హార్బరు నుంచి చూస్తే బోటు దాదాపు తూర్పున ఉంది. బోటు నుంచి హార్బరుకు 180 కలిపితే 274.7. సరంగు 275 మీద పెట్టుకుంటే ఇంటి దారి. వచ్చిన దారినే 35 మైళ్లు తిరిగి పోవడంతో పోలిస్తే నాలుగున్నర మైళ్లు కలిసొస్తుంది. 8 నాట్ల బోటుకు అది అరగంట పైచిలుకు డీజిలు.

ముప్పై మైళ్లకు సముద్రాన్ని కాగితంలా చదునుగా తీసుకున్నా ఫరవాలేదు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ అంత దూరమైతే భూమి గుండ్రనాన్ని లెక్కలోకి తీసుకునే వేరే కొసైన్ సూత్రం కావాలి. మన బోటును పక్కకు లాగేది భూమి వంపు కాదు, ప్రవాహం. మన తూర్పు తీరం వెంట వేసవి ముందు నీరు ఈశాన్యానికి పోతుంది, అక్టోబరు తర్వాత నైరుతికి తిరుగుతుంది. 35 మైళ్లకు బోటు నాలుగు గంటల ఇరవై నిమిషాలు తీసుకుంది. ఆ సేపంతా నీరు ఒక నాట్ వేగంతో 45 డిగ్రీల వైపు కదిలి ఉంటే, బోటు కాగితం మీది చోటుకు 4.4 మైళ్లు ఈశాన్యంగా ఉంటుంది.

దాన్నీ ఇదే సూత్రం పట్టుకుంటుంది. 94.7 మీద 30.4 మైళ్లు ఒక దారి, 45 మీద 4.4 మైళ్లు రెండో దారి అనుకుని మళ్లీ లెక్క కడితే దూరం 33.4 మైళ్లు, బేరింగు 89 వస్తుంది. అంటే హార్బరు 275 మీద లేదు, 269 మీద ఉంది. తిరుగు ప్రయాణంలో నీటి లాగుడును పక్కన పెట్టినా, 275నే పట్టుకుని వస్తే బోటు హార్బరుకు మూడు మైళ్లకు పైగా ఉత్తరాన, కైలాసగిరి వైపు తీరానికి చేరుతుంది. జీపీఎస్ మళ్లీ పనిచేసి అసలు చోటు చూపిస్తే, దానికీ లెక్కలో వచ్చిన చోటుకూ మధ్య దూరాన్ని సరంగు గడిచిన గంటలతో భాగిస్తాడు. ఆ రోజు నీరు ఎంత వేగంగా, ఎటు పోతోందో దాంతో తెలుస్తుంది.