కూర చల్లగా ఉందంటే వెంటనే డిస్కౌంట్ చెప్పకండి

మొన్న మా ప్రత్తిపాడు నుంచి గుంటూరు వెళ్లి ఓ హోటల్లో తింటున్నా. పక్క టేబుల్ ఆయన "బాబూ, మటన్ కూర చల్లగా ఉంది" అన్నాడు. సర్వర్ వెంటనే "బిల్లులో 10 శాతం తగ్గిస్తాం సార్" అన్నాడు. ఆయనకి మండింది. "నేను డబ్బులడిగానా? వేడి కూర అడిగా!"

కరెక్టే కదా. పైగా తగ్గింపు చెప్పేస్తే కూర ఎందుకు చల్లారిందో ఎవరూ చూడరు. సాఫ్ట్‌వేర్‌లో మేమూ అంతే, బగ్ చూడకుండా సారీ మెయిల్ పెట్టేవాళ్లం.

ఇంతలో మేనేజర్ వచ్చాడు. "సారీ సార్. కూర ఒక్కటేనా, రోటీలు కూడానా?" అని అడిగి రెండూ తీయించాడు, కలిపి వేడిగా రావాలని. "8 నిమిషాలు పడుతుంది సార్" అని టైమ్ చెప్పాడు. తనే తెచ్చిపెట్టి, ఆయన ఒక ముద్ద తిన్నాక "వేడి సరిపోయిందా సార్?" అన్నాడు. పైసా తగ్గించలేదు, ఆయనా అడగలేదు.

వెళ్తూ మేనేజర్‌ని కదిపా. రోటీలు కాలేదాకా కూర గిన్నెలో వడ్డించి కౌంటర్ మీదే ఉంచేశారట. ఇకపై రోటీ పెనం దిగాకే కూర వడ్డిస్తారట.

మరి రెండోసారీ చల్లగా వస్తే? "అప్పుడు ఆయన అడిగేదాకా ఆగను, ఆ కూర బిల్లులోంచి తీసేస్తా" అన్నాడు.