చివరి లైను దాకా చదివే శుక్రవారం మెయిల్

హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నలభై మంది టీముకు ప్రతి శుక్రవారం అప్‌డేట్ మెయిల్ రాయడం నా పని. ఒక గురువారం సాయంత్రం నాలుగు గంటలకు టెస్ట్ సర్వర్ ఆగిపోయింది. ఇద్దరు టెస్టర్లు పొద్దుటినుంచీ నడుపుతున్న పరీక్షలు మధ్యలో తెగిపోయాయి. అప్‌గ్రేడ్ కోసం ఆపుతున్నామని నేను ముందు శుక్రవారమే రాశాను. అదే మాట వాళ్లతో అంటే, ఒకమ్మాయి ఫోన్ తీసి మెయిల్ తెరిచి, "చూశానండీ, కానీ ఎక్కడ రాశారు?" అంది. ఇద్దరం కలిసి వెతికాం. ఐదో సెక్షన్‌లో, "ఇతర విషయాలు" అన్న శీర్షిక కింద, రెండో పేరా మధ్యలో దొరికింది.

ఆ మెయిల్ సబ్జెక్ట్ "వీక్లీ అప్‌డేట్, జూన్ రెండో వారం". లోపల శీర్షికలు "ప్రోగ్రెస్", "ఇష్యూస్", "ప్లాన్", "మీటింగ్స్", "ఇతర విషయాలు". ప్రతి వారం అవే ఐదు. వంటింట్లో డబ్బాల మీద "పప్పులు", "పొడులు" అని రాసి పెట్టినట్టు ఉండేవి. డబ్బాలో ఏముందో మూత తీస్తేగాని తెలియదు, శుక్రవారం సాయంత్రం నలభై మందిలో ఎవరూ ఐదు మూతలు తీయరు.

ఆ రాత్రి అదే మెయిల్‌ను మళ్లీ రాసి చూసుకున్నాను. మొదట సబ్జెక్ట్ మార్చాను: "గురువారం 4కి టెస్ట్ సర్వర్ ఆగుతుంది, రిలీజ్ 28కి". ఫోన్ తెరమీద సబ్జెక్ట్ ముప్పై, నలభై అక్షరాలకు మించి కనబడదు కాబట్టి, మెయిల్ తెరవనివాళ్లకు కూడా అందాల్సిన సంగతి ముందే రావాలి. "వీక్లీ అప్‌డేట్" అన్న మాటకు ఆ చోటు ఇవ్వడం వృథా. మెయిల్ శుక్రవారం వచ్చింది, ఏటా జూన్ వస్తుంది, ఈ రెండూ అందరికీ తెలుసు.

తర్వాత శీర్షికలు. "ఇష్యూస్" తీసేసి "రిలీజ్ వారం వెనక్కి, పేమెంట్ పేజీలో తప్పు ఇంకా దొరకలేదు" అని పెట్టాను. "ఇతర విషయాలు" పోయి "గురువారం 4 నుంచి 8 వరకు టెస్ట్ సర్వర్ ఉండదు, పరీక్షలు మధ్యాహ్నంలోపు ముగించండి" వచ్చింది. శీర్షికలోనే క్రియ ఉండాలి, జరిగిందో జరగబోతున్నదో చెప్పాలి. అప్పుడు శీర్షికలు మాత్రమే చదివినవాళ్లకు కూడా వారం సంగతి తెలుస్తుంది. తమకు సంబంధించిన శీర్షిక కనబడ్డవాళ్లు దాని కింది మూడు లైన్లూ చదువుతారు.

ఇలాంటి శీర్షిక రాయాలంటే చేతిలో సరుకు ఉండాలి. అంతకుముందు గురువారాల్లో టీమ్ లీడ్లను "అప్‌డేట్ పంపండి" అని అడిగేవాణ్ణి. "మాడ్యూల్ 80 శాతం పూర్తయింది" అని వచ్చేది. వచ్చే వారమూ అదే 80 శాతం. దాన్నుంచి ఏ శీర్షికా పుట్టదు. అందుకని మూడు ప్రశ్నలు పంపడం మొదలుపెట్టాను: ఈ వారం ఏం మారింది, ఎవరికి తగులుతుంది, వాళ్లు ఎప్పటిలోగా ఏం చేయాలి? ఏమీ మారలేదని ఎవరైనా రాస్తే ఆ వారం వాళ్ల సెక్షన్ ఉండదు. ఖాళీగా కనిపిస్తుందని నింపకూడదు. కొన్ని వారాలు నా మెయిల్ ఆరు లైన్లే ఉండేది, దానికి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మెయిల్ పైభాగంలో ముఖ్యాంశాలు పెడితే మూడు దాటకూడదు. బోల్డ్ చేయాల్సింది తేదీ, పని ఎవరిదో వాళ్ల పేరు, అంతే. పేరాలో సగం బోల్డ్ అయితే కంటికి ఏదీ ఆనదు. పసుపు రంగు పూయడం నేను మానేశాను. ఫోన్ డార్క్ మోడ్‌లో ఉంటే ఆ పూత మీది అక్షరాలు కొన్నిసార్లు కనబడకుండా పోతాయి.

లింకుల దగ్గర ఇంకా ఎక్కువ తప్పులు చేశాను. పాత మెయిల్‌లో ఏడు చోట్ల "ఇక్కడ చూడండి" అని ఉంది. ఏ "ఇక్కడ" ఎక్కడికి పోతుందో నొక్కితేగాని తెలియదు. "పేమెంట్ పేజీ తప్పుల జాబితా" అన్న మాటలకే లింకు తగిలిస్తే, అది కావలసినవాళ్లే నొక్కుతారు. ముప్పై పేజీల పత్రం మొదటికి తీసుకెళ్లి వదిలేయకుండా, గూగుల్ డాక్స్‌లో శీర్షికకే నేరుగా లింకు తీసుకోవచ్చు. నొక్కినా నొక్కకపోయినా అసలు సంగతి మెయిల్‌లోనే ఉండాలి: "ఇంకా తొమ్మిది తప్పులున్నాయి, అందులో రెండు రిలీజ్‌ను ఆపేవి". వివరం కోసమే లింకు.

అన్నిటికంటే విసుగు పుట్టించేది నొక్కగానే "You need access" అని రావడం. రాసినవాళ్లకు ఆ పత్రం ఎప్పుడూ తెరుచుకుంటుంది, కాబట్టి వాళ్లకు తప్పు కనబడదు. పంపేముందు వేరే టీములోని ఒకరికి మెయిల్ పంపి, అన్ని లింకులూ నొక్కమని అడిగేవాణ్ణి. ఐదు నిమిషాల పని. రెండుసార్లు మూసిన తలుపు ఎదురైతే మూడోసారి ఎవరూ నొక్కరు.

చివరిదాకా చదవాలంటే మెయిల్ చివరిదాకా చేరాలి కూడా. జీమెయిల్‌లో మెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటితే మిగతా భాగం కనబడదు. కింద "Message clipped" అని మాత్రం వస్తుంది. మాటలు తక్కువే ఉన్నా, ఎక్సెల్ నుంచి పెద్ద పట్టికను నేరుగా అతికిస్తే దాని వెంట వచ్చే ఫార్మాటింగే ఆ బరువు పెంచుతుంది. పట్టికను లింకుగా ఇచ్చి, అందులోని రెండు ముఖ్యమైన అంకెలను వాక్యంలో రాస్తే చాలు.

నా మెయిల్ చివర "వచ్చే వారం సెలవులో ఎవరు, వాళ్ల పని ఎవరు చూస్తారు" అన్న నాలుగు లైన్లు పెట్టాను. అది అందరికీ కావాలి, అందుకోసం కిందికి వచ్చేవారు. కానీ చేయాల్సిన పనిని మాత్రం ఎప్పుడూ చివర దాచకూడదు. కిందికి రప్పించడానికి సర్వర్ ఆగే వార్తను ఎరగా వాడితే మళ్లీ ఆ గురువారమే వస్తుంది. గంటల్లో జరగబోయేదానికి శుక్రవారం మెయిల్ పనికిరాదు, ఫోన్ చేయాలి.

చదివారో లేదో తెలుసుకోవడానికి కొందరు మెయిల్‌లో కంటికి కనబడని చిన్న బొమ్మ పెట్టి, అది ఎన్నిసార్లు లోడ్ అయిందో లెక్కిస్తారు. ఆ లెక్కను నేను నమ్మను. యాపిల్ మెయిల్ 2021 నుంచి, ప్రైవసీ రక్షణ ఆన్‌లో ఉంటే, మనిషి తెరవకపోయినా బొమ్మలను ముందే లోడ్ చేసుకుంటుంది. పైగా తెరవడం, చదవడం ఒకటి కాదు. నేను సోమవారం వచ్చే ప్రశ్నలను రాసుకునేవాణ్ణి. జవాబు మెయిల్‌లో ఉన్నా ఎవరైనా అడిగారంటే, అది ఏ సెక్షన్‌లో, ఏ శీర్షిక కింద ఉందో వెనక్కి వెళ్లి చూసేవాణ్ణి. ఒకే శీర్షిక కింది సంగతిని ముగ్గురు అడిగితే తప్పు ఆ శీర్షికది. ఎవరూ అడగని సెక్షన్ గురించి మాత్రం ఈ పద్ధతి ఏమీ చెప్పదు. అలాంటిదాన్ని ఒక వారం ఆపి చూడండి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో తెలుస్తుంది.

ఈ శుక్రవారం మెయిల్ పంపే ముందు, కింది పేరాలన్నీ తీసేసి శీర్షికలు మాత్రం పక్క సీటులో ఉన్నవారికి చూపించండి. వచ్చే వారం తాను ఏం చేయాలో వారు చెప్పలేకపోతే, పంపడం ఆపి శీర్షికలు మళ్లీ రాయండి.