వేళకే సరుకు: చిన్న పరిశ్రమ ముందుగా వేసుకోవాల్సిన లెక్క

ముడిసరుకును, విడిభాగాలను నెలల తరబడి గోడౌన్‌లో పేర్చుకోకుండా, పనిలోకి తీసుకునే వేళకు కావలసినంత మాత్రమే తెప్పించుకోవడాన్ని ‘జస్ట్ ఇన్ టైమ్’ కొనుగోలు అంటారు. ఈ ఆలోచన జపాన్‌లో టొయోటా కంపెనీలో రూపుదిద్దుకుంది. 1938లో మొదలైన కొరొమో కార్ల ఫ్యాక్టరీకి కంపెనీ వ్యవస్థాపకుడు కీచిరో టొయోడా ఈ సూత్రాన్నే నిర్దేశించాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెట్టుబడికి కటకటలాడిన రోజుల్లో తైచీ ఓనో అనే ఇంజినీరు దాన్ని రోజువారీ ఆచరణగా మలిచాడు. ఆయన పద్ధతిలో ప్రతి పెట్టెకూ ‘కాన్‌బాన్’ అనే చీటీ ఉంటుంది. పెట్టెలోని భాగాలు వాడకంలోకి రాగానే ఆ చీటీ వెనక్కి వెళ్తుంది. అది చేరితేనే అవతలివాళ్లు అన్ని భాగాలు మళ్లీ తయారుచేసి పంపుతారు. ఎంత వాడితే అంతే వస్తుంది.

పెద్ద కంపెనీల విజయగాథలు విని చిన్న పరిశ్రమలు కూడా స్టాక్ తగ్గించుకోవాలని చూస్తాయి. ఆ ఆలోచన మంచిదే. కాకపోతే లాభం ఎక్కడి నుంచి వస్తుందో, ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో తెలియాలంటే ఒక వస్తువును పట్టుకుని లెక్క వేయాలి. ఉదాహరణకు, హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలో వ్యవసాయ మోటార్లు చేసే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకుందాం. అది రోజుకు 50 మోటార్లు, నెలకు 25 రోజులు, అంటే ఏడాదికి 15,000 మోటార్లు చేస్తుంది. ఒక్కో మోటారుకు 5 కిలోల బరువున్న పోత ఇనుము బాడీ కావాలి. అది ఒక్కోటి రూ.600 చొప్పున దగ్గర్లోని ఫౌండ్రీ నుంచి వస్తుంది.

ఇప్పటిదాకా ఆ యూనిట్ నెలకు ఒకసారి 1,250 బాడీలు దింపుకుంటోంది. నెల మొదట్లో గోడౌన్ నిండుతుంది, చివరికి ఖాళీ అవుతుంది. సగటున 625 బాడీలు, అంటే రూ.3,75,000 ఎప్పుడూ ఇనుము రూపంలో ఇరుక్కుని ఉంటాయి. దీనికి బదులు మూడు పనిదినాలకోసారి 150 బాడీలు తెప్పించి, అనుకోని ఆలస్యాలకు రెండు రోజుల వాడకం, అంటే 100 బాడీలు ఎప్పుడూ విడిగా ఉంచుకుంటే సగటు స్టాక్ 175కు దిగుతుంది. దాని విలువ రూ.1,05,000. మిగతా రూ.2,70,000 చేతికొస్తుంది. బ్యాంకు వర్కింగ్ క్యాపిటల్ అప్పు మీద వడ్డీ 12 శాతం అనుకుంటే ఏడాదికి రూ.32,400 ఆదా.

ఇక్కడితో లెక్క ఆపేస్తే మోసపోతారు. నెలకోసారి వచ్చే లారీకి రూ.4,000 చొప్పున ఏడాదికి రూ.48,000 కిరాయి అయ్యేది. ఇప్పుడు చిన్న ట్రాలీ బండి ఏడాదికి వంద సార్లు రావాలి. ట్రిప్పుకు రూ.800 అనుకున్నా రూ.80,000 అవుతుంది. అదనంగా రూ.32,000 ఖర్చు పెరిగి, వడ్డీలో మిగిలిందంతా రవాణాకే పోయింది. ఫౌండ్రీ ఇంకాస్త దూరంగా ఉంటే ఏటా నష్టమే. అదే ఫౌండ్రీ పక్క వీధిలో ఉన్నా, అటువైపు నుంచి వేరే సరుకు తెచ్చే బండిలోనే ఈ బాడీలు కూడా వేసుకోగలిగినా లెక్క మళ్లీ అనుకూలంగా మారుతుంది. చిన్న యూనిట్‌కు ఈ పద్ధతి కలిసొస్తుందా లేదా అన్నది చాలావరకు దూరమే తేలుస్తుంది. టొయోటాకు సరఫరా చేసే కంపెనీల్లో చాలా భాగం దాని ఫ్యాక్టరీల చుట్టుపక్కలే ఉండటం ఊరికే కాదు.

వడ్డీలో మిగులు లేకపోయినా ఈ పద్ధతికి అసలైన ప్రయోజనం మరొకటి ఉంది. అది నాణ్యతలో కనిపిస్తుంది. పోత బాడీల్లో గాలి బుడగల వల్ల పడే బొరియలు, అంటే బ్లోహోల్స్, పైకి కనిపించవు. లేత్ మీద పై పొర కోసినప్పుడే బయటపడతాయి. నెల సరుకు గోడౌన్‌లో ఉన్నప్పుడు ఆ లోపం మూడు వారాల తర్వాత తెలియవచ్చు. అప్పటికి ఫౌండ్రీలో ఆ రోజు ఇసుకలో తేమ ఎంత ఉందో, కరిగిన ఇనుమును ఏ వేడిలో పోశారో చెప్పగలిగేవారు ఉండరు. చెడ్డ బాడీలు వెనక్కి వెళ్తాయి, కొత్తవి వస్తాయి, కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది. మూడు రోజుల సరుకు మాత్రమే ఉన్నప్పుడు లోపం రెండు మూడు రోజుల్లోనే తెలుస్తుంది. ఫౌండ్రీ మేస్త్రికి విషయం ఇంకా గుర్తుంటుంది, ఇసుకను సరిచేస్తాడు. నూటికి 5 బాడీలు తిరస్కరించే చోట అది 2కు తగ్గిందనుకుంటే ఏడాదికి 450 బాడీల మీద కోత పని వృథా కాకుండా ఉంటుంది. బాడీకి రూ.60 కోత ఖర్చు చొప్పున అది రూ.27,000. ఖాళీ అయిన గోడౌన్‌లో మరో యంత్రం పెట్టుకోవచ్చు. స్టాక్ తగ్గించినందుకు దక్కే గట్టి ఫలితం ఇదేనని చెప్పాలి. వడ్డీ ఆదా దీని తర్వాతే.

ఇక ప్రమాదం వైపు. ఆ యూనిట్‌లో మోటారు అమ్మకం ధరలోంచి ముడిసరుకు ఖర్చు తీసేస్తే రూ.800 మిగులుతుందనుకుందాం. జీతాలు, కరెంటు, అద్దె, లాభం అన్నీ అందులోంచే రావాలి. బాడీలు రాక ఒక్కరోజు పని ఆగితే 50 మోటార్ల మీద రూ.40,000 ఆగిపోతుంది. జీతాలు మాత్రం ఆగవు. తర్వాత ఓవర్‌టైమ్‌తో కొంత పూడ్చుకోవచ్చు గానీ దానికీ కూలి ఎక్కువే. అంటే ఏడాది పొడవునా మిగిల్చిన వడ్డీని ఒకే ఒక్క రోజు మింగేయగలదు. అందుకే ఫౌండ్రీ సగటున ఎన్ని రోజుల్లో సరుకు పంపుతోందన్న ప్రశ్న కన్నా, మరీ ఆలస్యమైనప్పుడు ఎన్ని రోజులు పట్టిందన్న ప్రశ్న ముఖ్యం.

దానికి జవాబు యూనిట్ స్టోర్స్ రిజిస్టర్‌లోనే ఉంటుంది. గడచిన ఏడాదిలో ప్రతి ఆర్డర్ ఇచ్చిన తేదీ, సరుకు చేరిన తేదీ, తనిఖీలో నెగ్గిన సంఖ్య వరుసగా రాసి చూడాలి. మామూలుగా 3 రోజులు, ఎంత ఆలస్యమైనా 5 రోజులు అయితే, మధ్యనున్న 2 రోజుల వాడకం 100 బాడీలు. పై లెక్కలో విడిగా ఉంచిన 100 అలా వచ్చినవే. స్టాక్ 250కి దిగగానే తదుపరి 150కి ఆర్డర్ వెళ్లాలి. అదే రిజిస్టర్‌లో రెండు సార్లు 12 రోజులు పట్టినట్టు కనిపిస్తే విడిగా 450 బాడీలు ఉంచాల్సి వస్తుంది. అప్పుడు పొదుపులో చాలా భాగం కరిగిపోతుంది. అలాంటి ఆలస్యాలు పండగలకు ఇతర రాష్ట్రాల కార్మికులు ఊళ్లకు వెళ్లినప్పుడో, వేసవికి ముందు మోటార్ల గిరాకీ పెరిగి ఫౌండ్రీకి ఆర్డర్లు ముంచెత్తినప్పుడో వస్తున్నాయేమో చూడాలి. కారణం ముందే తెలిసిన ఆలస్యమైతే ఆ నెలలకు మాత్రమే స్టాక్ పెంచుకుంటే సరిపోతుంది.

ఫౌండ్రీ దృష్టిలో ఈ యూనిట్ ఎంత పెద్దదన్నది కూడా చూసుకోవాలి. ఒకసారి కొలిమి వెలిగించి ఇనుము కరిగించాక పూర్తిగా పోత పోస్తేనే ఫౌండ్రీకి గిట్టుబాటు. నెలకు 1,250 తీసుకునేవారు వారానికి రెండుసార్లు 150 అడిగితే, ఫౌండ్రీ తన దగ్గర స్టాక్ పెట్టుకుని దాని ఖర్చును ధరలో కలుపుతుంది, లేదా పెద్ద కొనుగోలుదారు పని అయ్యాక చూద్దామంటుంది. రెండో సందర్భంలో వేళకు సరుకు అన్నమాట నిలబడదు. ఈ ఏర్పాటును ముందే మాట్లాడుకోవాలి. వచ్చే నెలకు ఎన్ని కావాలో అంచనా ఇచ్చి, వారంవారం ఖాయం చేయడం, బిల్లు సకాలంలో చెల్లించడం చిన్న యూనిట్ చేతిలో ఉన్న బలం. సూక్ష్మ, చిన్న సంస్థల బకాయిలను ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. తరచూ సరుకు పంపే ఫౌండ్రీ అయితే అంతకన్నా ముందే డబ్బు ఆశిస్తుంది.

ఒక్కరి మీదే ఆధారపడితే ఏమవుతుందో 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో తెలిసింది. కరియా పట్టణంలోని ఐసిన్ సేకి ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. కార్ల బ్రేకులకు వాడే చిన్న వాల్వ్‌ను టొయోటా దాదాపు పూర్తిగా అక్కడి నుంచే తీసుకునేది. చేతిలో కొద్దిపాటి స్టాకే ఉండటంతో కొద్ది రోజుల్లోనే జపాన్‌లోని టొయోటా ఫ్యాక్టరీలు చాలావరకు ఆగిపోయాయి. ఆ వాల్వ్ ఖరీదు తక్కువే గానీ దాన్ని చేయడానికి ప్రత్యేకమైన యంత్రాలు, పనిముట్లు కావాలి. అవే మంటల్లో పోయాయి. అయినా వారం రోజుల్లోనే కార్ల తయారీ మళ్లీ పట్టాలెక్కింది. రెండు వందలకు పైగా కంపెనీలు సాయానికి రావడమే దానికి కారణం. కుట్టు మిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా ఆ వాల్వ్‌లు చేసి ఇచ్చింది. చిన్న యూనిట్‌కు అలాంటి బలగం ఉండదు. 2011 భూకంపంలో చిప్‌ల కొరత ఎదుర్కొన్నాక టొయోటా తానే కొన్ని చిప్‌లకు నెలల నిల్వ ఉంచమని సరఫరాదారులను కోరింది. ఈ పద్ధతిని పుట్టించిన కంపెనీయే అన్ని వస్తువులకూ దాన్ని ఒకేలా వర్తింపజేయలేదు.

మోటారు బాడీ విషయంలో ఆ ప్రత్యేకమైన పనిముట్టు ప్యాటర్న్, అంటే ఇసుకలో అచ్చు తీయడానికి వాడే నమూనా. అది మొదటి ఫౌండ్రీలోనే ఉంటే రెండో ఫౌండ్రీ ఫోన్ నంబరు చేతిలో ఉన్నా ఉపయోగం లేదు. కొత్త ప్యాటర్న్ చేయించి, మచ్చు బాడీలు పోయించి, కోసి చూసి ఒప్పుకునే సరికి వారాలు గడుస్తాయి. కాబట్టి ప్యాటర్న్ యూనిట్ సొంత ఆస్తిగా కాగితం మీద ఉండాలి. రెండో జత మరో ఫౌండ్రీలో పెట్టి, నెలకు నూటికి ఇరవై బాడీలైనా అక్కడ పోయించాలి. రెండో ఫౌండ్రీ చేయి అప్పుడే తిరుగుతూ ఉంటుంది.

మిగతా వస్తువులకు ఇంత లోతుగా చూడనక్కర్లేదు. మోటారు ప్యాక్ చేసే అట్టపెట్టెలు చవక, చోటు మాత్రం ఎక్కువ ఆక్రమిస్తాయి. స్థానికంగా ఇద్దరు ముగ్గురి దగ్గర దొరుకుతాయి కనుక ఈ పద్ధతిని వాటితోనే మొదలుపెట్టవచ్చు. ఓడల్లో వచ్చే దిగుమతి బేరింగులకు ఇది పనికిరాదు. చిన్నవీ, ఎన్ని ఉన్నా చోటు పట్టనివీ కనుక వాటిని ఎక్కువగానే ఉంచుకోవాలి. రాగి తీగ ధర రోజూ మారుతుంది కనుక కొద్దికొద్దిగా కొంటే ధర పడినప్పుడూ, పెరిగినప్పుడూ అదే రోజు భరించాలి.

మొదలుపెట్టాక కూడా స్టాక్‌ను ఒక్కసారిగా దించకూడదు. నెలకోసారి నుంచి పదిహేను రోజులకు, ఆపైన వారానికి, చివరకు మూడు రోజులకు రావాలి. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని గుర్తులు చూస్తూ ఉండాలి. సరుకు కోసం రోజూ ఫోన్లు చేయాల్సి రావడం, అత్యవసరంగా విడిగా బండి మాట్లాడుకోవడం, ఒక మోడల్‌కు ఉంచిన బాడీలను మరో మోడల్‌కు వాడటం మొదటి హెచ్చరికలు. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది తనిఖీ బల్ల దగ్గర కనిపిస్తుంది. లైన్ ఆగుతుందన్న భయంతో, మామూలుగా అయితే తిప్పి పంపే బాడీని కూడా ఈసారికి పోనిద్దామని లోపలికి తీసుకుంటున్నారంటే స్టాక్ ఉండాల్సినదాని కన్నా కిందికి దిగిపోయినట్టే. అప్పుడు వెనకటి మెట్టుకు వెళ్లి, ఆలస్యానికి కారణం దొరికేదాకా అక్కడే ఉండాలి.